దుక్కి నుంచి రోకలి దాకా: కష్టం గురించిన సామెతల లోపల ఉన్న పని

కష్టం గురించి తెలుగులో ఉన్న సామెతలు చాలావరకు పొలంలోనూ కళ్లంలోనూ పుట్టినవే. ఆ పని చూడనివాళ్లకు అన్నీ ఒకే మాట చెబుతున్నట్టు వినిపిస్తాయి: కష్టపడితే ఫలితం వస్తుంది. పాఠ్యపుస్తకాల వెనక ఇచ్చే అర్థాలు కూడా చాలాసార్లు అంతటితో ఆగిపోతాయి. కానీ ఈ సామెతలు చెప్పే సంగతి అంత సాదాసీదాది కాదు. ఏ పని ముందు చెయ్యాలి, ఎప్పుడు చెయ్యాలి, ఎంత కష్టపడినా ఎక్కడ వృథా అవుతుంది, చివరికి ఆ ఫలం ఎవరి ఇంటికి చేరుతుంది అనేది ఒక్కో సామెత ఒక్కో చోట పట్టి చూపిస్తుంది. అందుకే ఒక వరి పంట వెంట దుక్కి నుంచి దంపుడు దాకా నడుస్తూ, దారిలో ఎదురయ్యే సామెతలను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

మొదటిది దుక్కి. "దుక్కి కొద్దీ పంట, బుద్ధి కొద్దీ సుఖం" అంటారు. దుక్కి అంటే నేలను దున్నడం, దున్నిన నేల కూడా. ఎంత బాగా దున్నితే అంత పంట అనేది పైకి కనిపించే అర్థం. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఈ కష్టం జరిగేటప్పుడు పొలంలో పచ్చటి ఆకు ఒక్కటి కూడా ఉండదు. వేసవిలో తొలి జల్లు పడగానే, వాలుకు అడ్డంగా సాళ్లు పడేలా దున్నుతారు. అలా దున్నిన నేలలో తర్వాత పడే వాన జారిపోకుండా లోపలికి ఇంకుతుంది. మట్టిలో దాక్కున్న పురుగుల కోశాలు పైకి వచ్చి ఎండకు చస్తాయి, లేదా కొంగల పాలవుతాయి. కలుపు మొక్కల వేళ్లు తెగి ఎండిపోతాయి. ఈ లాభాలేవీ ఆ రోజు కంటికి కనిపించవు, మూడు నాలుగు నెలల తర్వాత పైరులో కనిపిస్తాయి. కాబట్టి ఈ సామెత వాడాల్సింది ఎవరూ చూడని ముందస్తు పని గురించి. పోటీలో గెలిచిన రోజున "దుక్కి కొద్దీ పంట" అంటే, ఆ గెలుపు వెనక నెలల తరబడి చేసిన సాధనను మెచ్చుకున్నట్టు.

అయితే "కొద్దీ" అన్నారని దున్నుతూనే పోతే పంట పెరుగుతూనే పోదు. ఎర్ర చెలక నేలను మరీ మెత్తగా పిండిలా దున్నితే, ఒక పెద్ద వాన పడి ఎండ కాయగానే పైన గట్టి పెచ్చు కడుతుంది. మొలక దాన్ని చీల్చుకుని పైకి రాలేక లోపలే వంకర తిరిగిపోతుంది. రైతు పడ్డ అదనపు కష్టమే అక్కడ నష్టం తెస్తుంది. ఎంత దున్నాలో నేల చెబుతుంది, నాగలి పట్టినవాడి ఓపిక చెప్పదు.

నేల చెప్పే ఆ మాటనే రైతులు పదును అంటారు. "అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అన్న సామెతలో రెండు మాటలూ వేరువేరు. అదను అంటే తగిన కాలం, క్యాలెండరుకు సంబంధించినది. పదును అంటే మట్టిలో తగినంత తడి, ఆ రోజు ఆ చేనుకు సంబంధించినది. కత్తికి ఉండే పదునుతో దీన్ని కలపకూడదు. ఆరుద్ర కార్తె వచ్చింది కాబట్టి అదను ఉందనుకోవచ్చు, కానీ వాన పడకపోతే పదును ఉండదు. మాఘంలో ఒక అకాల వాన పడితే పదును ఉంటుంది, కానీ వరికి అది అదను కాదు. రెండూ కలిసిన రోజులు ఏడాదిలో చాలా తక్కువ. ఆ కొద్ది రోజుల్లో తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా అరక ఆపకుండా దున్నడానికి కారణం అదే.

పదును ఉందో లేదో మీరే చూడవచ్చు. మెట్ట చేలో పైమట్టిని తోసేసి, నాలుగు వేళ్ల లోతు నుంచి గుప్పెడు మట్టి తీయండి. అరచేతిలో పెట్టి గట్టిగా నొక్కి ఉండ చేయండి. ఉండ కట్టకుండా పొడిపొడిగా రాలిపోతే తడి చాలదు, నాగలి దిగదు. ఉండ కట్టి చేతికి జిగటగా అంటుకుంటే, కింద పడేస్తే ముద్దలా చదునైతే తడి ఎక్కువైంది. ఉండ కట్టి, నడుము ఎత్తు నుంచి వదిలితే నేల మీద పడి చిన్న చిన్న ముక్కలుగా చితికిపోతే పదును కుదిరినట్టు. తొందరపడి తడి నేలను, ముఖ్యంగా నల్లరేగడిని దున్నితే మట్టి పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది. అవి ఎండాక రాళ్లలా గట్టిపడతాయి, వాటిని పగలగొట్టడానికి రెండింతల చాకిరీ చెయ్యాలి. అవి పూర్తిగా చితకని చోట విత్తనానికి మట్టి సరిగ్గా అంటుకోక మొలక పలచబడుతుంది. ఎర్రనేలలో ఈ పదును ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది, నల్లరేగడిలో ఇంకొన్ని రోజులు నిలుస్తుంది. అందుకే ఎర్రనేల రైతు ఎప్పుడూ హడావిడిగానే ఉంటాడు. ఒక పనికి సమయం దాటిపోకముందే దిగమని చెప్పడానికీ, ఇంకా సమయం రాకముందే దిగవద్దని చెప్పడానికీ ఈ ఒక్క సామెత సరిపోతుంది. రెండో వైపును మనం తరచూ మరచిపోతాం.

అదను తప్పినవాడి గురించిన సామెత ఇంకా ఘాటైనది: "దున్నే రోజుల్లో దేశం మీద పోయి, కోతల రోజుల్లో కొడవలి పట్టుకొచ్చినట్టు." దేశం మీద పోవడం అంటే ఊళ్లు పట్టుకుని తిరగడం. అందరూ దున్నుతుంటే ఊళ్లో లేనివాడు, అందరూ కోస్తుంటే కొడవలితో సిద్ధమయ్యాడు. వాడు కోతకు సోమరి కాదు, గమనించండి. కొడవలి పట్టుకునే వచ్చాడు, కష్టపడటానికి సిద్ధంగా ఉన్నాడు. కానీ కోయడానికి వాడి చేలో ఏమీ లేదు. ఈ సామెత తప్పుపట్టేది ఓపిక లేకపోవడాన్ని కాదు, పనుల వరుస తప్పడాన్ని.

వరస తప్పితే ఏమవుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. సాంబ మసూరి లాంటి దీర్ఘకాలిక వరి విత్తిన నాటి నుంచి కోతకు రావడానికి సుమారు 150 రోజులు పడుతుంది. ఇందులో చివరి 30 రోజులు పూసిన వెన్నులో గింజ పాలుపోసుకుని గట్టిపడే కాలం. జూన్ 10న నారు పోస్తే, అక్టోబరు రెండో వారం నాటికి పూత, నవంబరు మొదటి వారం దాటాక కోత. అదే రైతు నెలన్నర ఊళ్లు తిరిగి జూలై 25న నారు పోశాడనుకోండి. పూత నవంబరు 20 దాటాక వస్తుంది. ఉత్తర తెలంగాణలో అప్పటికి రాత్రిళ్లు చలి ముదురుతుంది. పూత సమయంలో చలి ఎక్కువైతే పుప్పొడి దెబ్బతిని గింజ కట్టదు, వెన్ను నిండా తాలు నిలుస్తుంది. కోస్తాలో చలి అంత లేకపోయినా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం ఉంటుంది. ముందే నాటినవాళ్లు ధాన్యం ఇంటికి చేర్చుకున్న వారాల్లో ఆలస్యం చేసినవాడి చేను వెన్నుల బరువుతో వానలో నిలబడి ఉంటుంది. ఎరువు ఒకటే, నీళ్లు ఒకటే, కూలీలూ అంతే. తేడా నారు పోసిన తేదీలోనే ఉంది. ఇంత ఆలస్యమైనప్పుడు తెలిసిన రైతు చేసే పని, మొండిగా అదే రకం వేయకుండా 120 రోజుల్లో వచ్చే స్వల్పకాలిక రకానికి మారడం. రెండింతల కష్టంతో పోయిన కాలాన్ని వెనక్కి తేవచ్చని ఈ సామెత ఎక్కడా అనదు.

నారు మాట వచ్చింది కాబట్టి, కష్టపడకుండా ఉండటానికి సాకుగా వాడే ఒక సామెతను ఇక్కడే చూడాలి: "నారు పోసినవాడు నీరు పోయడా?" పుట్టించిన దేవుడు కాపాడకపోతాడా అని దీని అర్థం. కష్టకాలంలో కుంగిపోయినవాళ్లకు ధైర్యం చెప్పడానికి పెద్దలు వాడిన మాట ఇది. చేతులు ముడుచుకుని కూర్చున్నవాడు వాడితే దాని అర్థం తిరగబడుతుంది. ఎకరం పొలానికి సుమారు 5 సెంట్ల నారుమడి, 20 నుంచి 25 కిలోల విత్తనం కావాలి. మొలక కట్టిన గింజలను చల్లినవాడు ఆ మడిని వదిలేసి పోడు. మొదటి రోజుల్లో పగలు నీరు తీసేసి, సాయంత్రం పలచగా పెడుతూ, మొలక కుదురుకున్నాక కొద్దికొద్దిగా నీటి మట్టం పెంచుతాడు. ఎక్కువ పెడితే గింజ కుళ్లుతుంది, అసలు పెట్టకపోతే నేల నెర్రెలిస్తుంది. నారు పోసినవాడికి నీరు పోయడం ఎంత తప్పని బాధ్యతో తెలిసినవాళ్లే ఈ పోలికను దేవుడికి తగిలించారు. చదవకుండా పరీక్షకు పోతూ ఈ సామెత చెబితే అది పొరపాటు వాడకం. అలాంటి చోటకు సరిపోయేది "గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు".

నాట్లు పడ్డాక పొలం పచ్చగా కళకళలాడుతుంది, పనంతా అయిపోయినట్టు అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే గుర్తుచేసుకోవాల్సిన మాట "కలుపు తీయనివాడు కోత కోయడు". నాటిన 20 రోజులకు ఒకసారి, 40 రోజులకు మరోసారి కలుపు తీయడం వరిలో అలవాటు. ఈ మొదటి 40 రోజుల్లోనే పైరు పిలకలు వేస్తుంది. అప్పుడు ఎరువు, వెలుతురు కలుపు పాలైతే పిలకలు తగ్గుతాయి, పిలకలు తగ్గితే వెన్నులు తగ్గుతాయి. పొట్ట దశలో కలుపు పీకినా పోయిన పిలకలు తిరిగి రావు, పైగా మడిలో తిరిగే కాళ్ల కింద పైరు నలుగుతుంది.

ఈ పనిలో నడుము వంచడం కంటే కష్టమైనది కళ్లతో పట్టుకోవడం. వరిమడిలో ఊద అనే గడ్డి లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. అదే ఎత్తు, అదే రంగు, నారులోనే కలిసి వచ్చి వరి కుదురులోనే నాటుకుపోతుంది. తెలిసినవాళ్లు ఆకును కాండం దగ్గర కొద్దిగా వెనక్కి వంచి చూస్తారు. ఆకు కాండానికి అతుక్కున్న చోట వరికి తెల్లగా, పలచటి పొరలాంటి చిన్న నాలుక ఉంటుంది, దాని పక్కన సన్నటి నూగుతో చెవుల్లాంటివి ఉంటాయి. ఊదకు ఆ చోట ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. ఈ తేడా తెలియని చేయి ఎంత వేగంగా పీకితే అంత నష్టం, వరిని పీకి ఊదను వదిలేస్తుంది. అలా వదిలేసిన ఊద వరి కంటే ముందే గింజ పండి రాల్చేస్తుంది, వచ్చే ఏటికి కూడా కలుపు అక్కడే తయారవుతుంది. కాబట్టి ఈ సామెతను "మొదలుపెట్టిన పని మధ్యలో వదలకు" అని మాత్రమే చెప్పుకుంటే సగమే అందుతుంది. మేలు చేసేదాన్నీ కీడు చేసేదాన్నీ విడదీసి చూడటం కూడా అందులో భాగం. గట్టు మీద నుంచి చూస్తే రెండూ పచ్చగానే ఉంటాయి, మడిలో దిగి వంగినవాడికే తేడా దొరుకుతుంది.

కోత కాలానికి ఒక మంచి సామెత ఉంది, ఇప్పుడు వాడకం తగ్గిపోయింది: "పంటచేను విడిచి పరిగ ఏరినట్టు." కోత అయ్యాక, పనలు కట్టి కుప్పకు మోసుకుపోయాక, చేలో అక్కడక్కడ రాలి మిగిలిన వెన్నులను పరిగ అంటారు. భూమి లేని పేదలు, పిల్లలు వాటిని ఏరుకునేవారు, రైతులు అడ్డు చెప్పేవారు కాదు. పరిగ ఏరడం తక్కువ పని కాదు. కొయ్యకాళ్లు గుచ్చుకునే చేలో వంగి వంగి, పూటంతా ఏరితే ఒక చేటెడు గింజలు రావచ్చు. సామెత ఎత్తిచూపేది దాన్ని కాదు. తన పంటచేను కోతకు వచ్చి నిలబడి ఉండగా, దాన్ని వదిలేసి వేరే చేలో రాలిన వెన్నుల కోసం తిరిగేవాడిని. వెన్నులో నూటికి 80కి పైగా గింజలు బంగారు రంగుకు తిరిగితే కోత మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఆలస్యం చేసిన కొద్దీ గింజ ఎండి, వెన్ను తాకితేనే రాలిపోతుంది. అంటే ఇతను అక్కడ గింజ గింజ ఏరుతున్న గంటల్లోనే ఇక్కడ తన చేలో అంతకు ఎన్నో రెట్లు నేల రాలుతోంది. తీరిక లేకుండా పనిచేస్తూనే నష్టపోవడం ఎలాగో ఇంత సూటిగా చెప్పిన సామెత నాకు మరొకటి కనిపించలేదు. ముఖ్యమైన పాఠం పక్కన పెట్టి రెండు మార్కుల ప్రశ్న కోసం రాత్రంతా వెతికే విద్యార్థికి ఇది చక్కగా సరిపోతుంది.

ధాన్యం ఇల్లు చేరాక దంపుడు. ఇప్పుడు మిల్లు చేసే పనిని అప్పట్లో రోలు, రోకలి చేసేవి. ఎండిన వడ్లను రోట్లో పోసి, చివర ఇనుప పొన్ను తొడిగిన రోకలితో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు పోటు వేస్తారు. చేటతో చెరిగి ఊక వేరుచేసి, మళ్లీ దంచి, మళ్లీ చెరుగుతారు. 100 కిలోల వడ్లలో సుమారు 20 కిలోలు ఊకే. కొంత తవుడు, కొన్ని నూకలు పోగా మిగిలేవి బియ్యం. ఈ పనిలోంచి పుట్టినవి రెండు మాటలు. మొదటిది "ఊక దంపుడు". గింజ తీసేసిన పొట్టును మళ్లీ రోట్లో పోసి దంచినా రోకలి బరువు తగ్గదు, భుజాల నొప్పి తగ్గదు, బియ్యం మాత్రం ఒక్క గింజ రాదు. సారం లేకుండా సాగే మాటలను ఊకదంపుడు ఉపన్యాసం అనేది అందుకే. దీన్ని "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు"తో కలపవద్దు. అక్కడ ఫలితం ఉంది, పడ్డ శ్రమకు తగ్గట్టు లేదు, అంతే. "బూడిదలో పోసిన పన్నీరు" ఇంకోటి. అక్కడ పోసింది విలువైనదే, పోసిన చోటు తప్పు.

రెండోది "దంచినమ్మకు బొక్కిందే కూలి". బొక్కడం అంటే గుప్పెడు తీసి నోట్లో వేసుకోవడం. పొద్దంతా దంచిన మనిషికి, దంచుతూ దంచుతూ నోట్లో వేసుకున్న గుప్పెడు గింజలే కూలి కింద లెక్క. కష్టపడితే ఫలం వస్తుంది అనే మాటకు ఈ సామెత తలవంచదు. ఫలం వచ్చింది, రోట్లో తెల్లటి బియ్యం ఉంది, కానీ అది వెళ్లేది వేరే ఇంటికి. పిల్లలకు చెప్పే సామెతల పట్టికల్లో దీన్ని వదిలేయడం నాకు సరైనదిగా అనిపించదు. శ్రమను మెచ్చుకునే సామెత ఎంత అవసరమో, శ్రమకు తగిన కూలి లేదని వేలెత్తి చూపే సామెత కూడా అంతే అవసరం.

"రెక్కాడితే గాని డొక్కాడదు" ఈ వరుసలోదే. రెక్క అంటే ఇక్కడ చేయి, డొక్క అంటే పక్కటెముకల కిందుగా ఉండే కడుపు భాగం. చేయి ఆడిన రోజే కడుపు నిండుతుంది. దీన్ని కష్టపడి పనిచేయమనే ఉపదేశంగా కొన్నిచోట్ల అర్థం రాస్తారు, అది తప్పు. ఇది ఉపదేశం కాదు, స్థితి. గాదెలో నిల్వ లేని, ఒక్కరోజు జ్వరం వస్తే ఆ రాత్రి పొయ్యి వెలగని కుటుంబాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పే మాట. నెల జీతం ఉన్నవాళ్లకు ఇది నప్పదు. వాక్యంలో దీన్ని ఎక్కువగా విశేషణంలా వాడతారు: "రెక్కాడితే గాని డొక్కాడని కూలీలకు వారం రోజుల వాన పెద్ద దెబ్బ."

కూడబెట్టినది చేజారడం గురించిన మాట సుమతీ శతకంలో ఉంది: "చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు". ఇరవు అంటే నివాసం. పుట్టను చీమలు కడితే పాము వచ్చి కాపురం పెట్టింది. నిజానికి మన చేలగట్ల మీద కనిపించే పెద్ద పుట్టలు కట్టేవి చెదపురుగులు. మట్టిని తమ లాలాజలంతో కలిపి ఒక్కో రేణువు పేర్చి కడతాయి. పాముకు పుట్ట తవ్వడం రాదు, వదిలేసిన పుట్ట కన్నాల్లోకి దూరుతుంది, అంతే. పద్యంలో ఈ పోలిక తగిలించింది బంగారం కూడబెట్టిన తెలివితక్కువవాడికి: వాడు దాచింది చివరికి రాజుల పాలవుతుందని. ఇప్పుడు మాత్రం ఒకరి చాకిరీని ఇంకొకరు తన్నుకుపోయినప్పుడు ఈ మాట ఎక్కువగా వాడుతున్నారు. ఒక జట్టులో ఇద్దరు ప్రాజెక్టు అంతా చేసి, పేరు మూడోవాడు కొట్టేస్తే ఇది సరిగ్గా అతుకుతుంది. చేసినవాళ్లకు కాస్తో కూస్తో దక్కి, ఎక్కువ భాగం పక్కకు పోతే మాత్రం చీమల పుట్ట కంటే దంచినమ్మ సామెతే దగ్గరగా ఉంటుంది.